పాత గొలుసు మారుస్తున్నప్పుడు: గీటురాయి, యాసిడ్, కేరట్ మీటర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే విజయనగరం గంటస్తంభం దగ్గరి దుకాణాల్లోనైనా, నరసన్నపేట బజారులోనైనా పాత నగ ఇచ్చి కొత్తది చేయించుకునేవాళ్లే ఎక్కువ. ఆ నగల్లో చాలావాటికి హాల్‌మార్క్ ఉండదు, ఎప్పుడో కంసాలి చేతితో చేసినవి. ఇక్కడి ప్రశ్నలన్నీ అలాంటి నగల గురించినవే. అందులోనూ అందరినీ ఎక్కువగా ఇబ్బంది పెట్టే రకం, కడియల్ని అతికిన మాటులున్న పాత 22 కేరట్ల గొలుసు.

ఒకే గొలుసుకి గీటు ఒకటి, మెషిన్ ఒకటి, కరిగించాక ఇంకొకటి చెబుతాయి. ఇందులో ఎవరో మోసం చేస్తున్నట్టేనా?

అలా అనుకోనక్కర్లేదు. మూడూ నిజమే చెప్పి ఉండవచ్చు, ఎందుకంటే మూడూ చూసిన బంగారం ఒకటి కాదు. గీటురాయి నగ అంచు నుంచి ఊడి వచ్చిన సన్నని పొడిని చూస్తుంది. కేరట్ మీటర్ కిరణం పడిన చిన్న చుక్కలో పైపై పొరని చూస్తుంది. కరిగించి చూస్తే మాత్రం కడియలు, మాటులు, కొక్కెం అన్నీ కలిసిన సగటు తెలుస్తుంది. నగంతా ఒకే లోహం అయితే మూడింటి లెక్కా దగ్గరగానే వస్తుంది. గొలుసు అలాంటి నగ కాదు. అందుకే ఏ పద్ధతిలో చూశారని అడగడంతో సరిపెట్టకుండా నగలో ఎక్కడ చూశారని కూడా అడగాలి.

గీటురాయి మీద సరిగ్గా పరీక్షించాలంటే ఏం చేయాలి?

రాయి నల్లగా, సన్నని రేణువులతో, మెరుపు లేకుండా ఉండాలి. పాత గీట్లు, చేతి జిడ్డు పూర్తిగా పోయేలా కడిగి ఆరబెట్టాలి. చాలామంది అరచుక్క నూనె పూసి గుడ్డతో గట్టిగా తుడిచేస్తారు. దానివల్ల గీటు సమానంగా పడుతుంది. నూనె మిగిలిపోతే మాత్రం యాసిడ్ గీటుని అంటుకోక జారిపోతుంది.

తరవాత నగలో కనబడని చోట, కొక్కెం వెనకో కడియ లోపలి వైపో, ఆకురాయితో ఒకటి రెండు సార్లు గీయాలి. పై మెరుగు పోయి అసలు లోహం బయటపడాలి. ఈ పని వదిలేస్తే పరీక్షంతా పై పొరకి చేసినట్టే. బయటపడిన చోటుని రాయి మీద ఆనించి, ఒకే ఒత్తిడితో ముందుకీ వెనక్కీ రుద్దుతూ రెండు సెంటీమీటర్ల పొడవు, మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు గీటు వేయాలి. గీటు నిండుగా ఉండాలి. పలచటి గీటు ఎంత మంచి బంగారానిదైనా యాసిడ్‌లో త్వరగా చెరిగిపోతుంది, దాంతో నగని తక్కువ కట్టేస్తారు.

ఆ గీటుకి రెండు పక్కలా టచ్, అంటే నూటికి ఎంత బంగారమో, తెలిసిన మచ్చు సూదులతో గీట్లు వేయాలి. 22 కేరట్ల నగ అనుకుంటే ఒక పక్క 22 సూది, మరో పక్క 20 సూది. మూడు గీట్లకీ అడ్డంగా గాజు కడ్డీతో ఒకే చారగా యాసిడ్ పెట్టి, పది నుంచి ఇరవై సెకన్లు చూసి, అద్దుడు కాగితంతో అద్దేయాలి. తుడవకూడదు. మిగిలిన గీటు ఏ సూది గీటుకి దగ్గరగా ఉందో పోల్చడమే పరీక్ష. సూది గీటు లేకుండా, ఒక్క నగ గీటు మీద యాసిడ్ చుక్క వేసి మాట చెప్పేవాళ్లని నమ్మకండి. అక్కడ పోలిక లేదు కాబట్టి అది ఊహే అవుతుంది.

యాసిడ్ అసలు ఏం చేస్తుంది? ఒక్కో కేరట్‌కి ఒక్కో సీసా ఎందుకు?

నైట్రిక్ యాసిడ్ రాగిని, వెండిని కరిగిస్తుంది, బంగారాన్ని కరిగించలేదు. నగలో బంగారం పాలు ఎక్కువగా ఉంటే చుట్టూ ఉన్న బంగారమే రాగికి, వెండికి కాపుగా నిలుస్తుంది. అందుకని ఉత్త నైట్రిక్ యాసిడ్ వేస్తే ఇత్తడి, రాగి, చాలా తక్కువ కేరట్ నగల గీటు ఆకుపచ్చగా పొంగి మాయమవుతుంది. 14 కేరట్లు దాటినవి దాదాపు కదలకుండా నిలుస్తాయి. ఇత్తడిని పట్టుకోవడానికి ఇది చాలు, 18కీ 22కీ తేడా మాత్రం దీనితో తెలియదు.

దానికోసం నైట్రిక్ యాసిడ్‌లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలుపుతారు. అప్పుడు అది బంగారాన్ని కూడా కరిగించగలుగుతుంది. 14, 18 సీసాల్లో హైడ్రోక్లోరిక్ పాలు చాలా తక్కువ. 22 సీసాలో ఎక్కువ, అది బంగారాన్ని పూర్తిగా కరిగించే ఆక్వా రేజియా వైపు నడిచే మిశ్రమం. 22 యాసిడ్ కింద 18 కేరట్ల గీటు చూస్తుండగానే చెరిగిపోతుంది, 22 గీటు నిలుస్తుంది లేదా కొంచెం మసకబారుతుంది.

ఇక్కడ పొరపాటు జరిగే చోటు ఒకటుంది. కేరట్ ఒకటే అయినా రాగి ఎక్కువ కలిపిన ఎర్రటి బంగారం, వెండి ఎక్కువ కలిపిన పచ్చటి బంగారం యాసిడ్‌లో ఒకే వేగంతో కరగవు. వెండి హైడ్రోక్లోరిక్‌తో కలిసి తెల్లటి పొరలా గీటు మీద పేరుకుంటుంది, ఆ పొర యాసిడ్‌ని కొంతసేపు ఆపుతుంది. కాబట్టి నగ రంగుకి దగ్గరగా ఉన్న రంగు సూదినే పక్కన పెట్టుకోవాలి. తెల్ల బంగారం విషయంలో గీటు పరీక్ష బాగా తడబడుతుంది. దాన్ని మెషిన్‌కి పంపడమే మేలు.

గీటుతో ఎంత దగ్గరగా చెప్పగలరు?

చేయి తిరిగినవారు, మంచి సూదులు, తాజా యాసిడ్ ఉంటే నూటికి ఒకటి రెండు టచ్‌ల తేడాలో చెప్పగలరు. అంటే 91.6 నగని 90కీ 93కీ మధ్య పెట్టగలరు. 22 కేరట్లు దాటాక కన్ను ఇంకా తడబడుతుంది, 22కీ 23కీ గీటు దాదాపు ఒకేలా నిలుస్తుంది. 'సరిగ్గా 91.2' అని గీటు మీద ఎవరైనా చెబితే ఆ దశాంశానికి ఆధారం లేదు. 18 కేరట్లదాన్ని 22 అని అమ్మారా అన్న ప్రశ్నకి మాత్రం గీటు ఇచ్చే జవాబు గట్టిది.

22 యాసిడ్ పాడైందని ఎలా తెలుసుకోవాలి?

రోజూ మొదట 18 సూది, 22 సూది గీట్లు వేసి చూసుకోవాలి. 18 గీటు ఇరవై సెకన్లు దాటినా నిలిచిందంటే యాసిడ్ బలహీనపడినట్టే. అప్పుడు తక్కువ కేరట్ నగ కూడా 22గా దాటిపోతుంది, నష్టం కొన్న దుకాణానికి. ఈ మిశ్రమం నిలవ ఉన్నకొద్దీ దానంతట అదే విడిపోతూ క్లోరిన్‌ని వదిలేస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో రేకుల కప్పు కింద ఉన్న దుకాణంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. గాజు బిరడా ఉన్న ముదురు రంగు సీసాలో కొద్దికొద్దిగా తెచ్చుకుని, నీడలో ఉంచాలి. త్రాసు పక్కన, నగల అర పక్కన పెట్టకూడదు. దాని ఆవిరి ఇనుముని, త్రాసు లోపలి భాగాల్ని తినేస్తుంది.

కేరట్ మీటర్ లోపల ఏం జరుగుతుంది?

చిన్న ఎక్స్‌రే గొట్టం నుంచి కిరణం నగ మీద పడుతుంది. ఆ దెబ్బకి ఒక్కో మూలకపు పరమాణువు తనకే ప్రత్యేకమైన శక్తి గల ఎక్స్‌రేని తిరిగి వదులుతుంది. రాగిది 8.05, బంగారానిది 9.71, వెండిది 22.16 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కనబడుతుంది. డిటెక్టర్ ఏ శక్తి దగ్గర ఎన్ని కిరణాలు వచ్చాయో లెక్కపెడుతుంది, ప్రోగ్రాం వాటిని శాతాలుగా మార్చి `Au`, `Ag`, `Cu`, `Zn` అని తెర మీద చూపిస్తుంది. నగకి గీత పడదు, బరువు తగ్గదు, ఒక్క నిమిషంలో పని అయిపోతుంది. నగలో ఎక్స్‌రే ఏమీ మిగిలిపోదు, పరీక్ష కాగానే మెళ్లో వేసుకోవచ్చు.

సమమైన, శుభ్రమైన, అంతటా ఒకే లోహం ఉన్న ముక్క మీద మంచి మెషిన్ అర టచ్ లోపు తేడాతో చెబుతుంది. ఈ షరతులు ఎంతమాత్రం చిన్నవి కావు.

మెషిన్ ఎంత లోతు చూస్తుంది?

బంగారం బరువైన లోహం కాబట్టి లోపలి నుంచి వచ్చే కిరణాలని తానే మింగేస్తుంది. బయటికి వచ్చి లెక్కకి చేరేవి సుమారు పది మైక్రాన్ల లోతువే, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. అంతకన్నా లోపల రాగి ఉన్నా, వెండి ఉన్నా, టంగ్‌స్టన్ ఉన్నా మెషిన్‌కి కనబడదు.

'ఒక గ్రాము బంగారం' పేరుతో అమ్మే పూత నగలు దీనికి సులువుగానే దొరికిపోతాయి. వాటి పూత ఒక మైక్రాన్ కూడా ఉండకపోవచ్చు, కాబట్టి కింది రాగి తెర మీద పెద్ద అంకెగా కనిపిస్తుంది. పూత మందంగా ఉన్నదే ప్రమాదం. అక్కడ ఆకురాయి గీత, గీటురాయి మెషిన్ కన్నా బాగా పనిచేస్తాయి. గీసిన చోట ఎర్రగా కనబడిందంటే మళ్లీ మెషిన్ దాకా పోనక్కర్లేదు.

అచ్చమైన 22 కాకపోయినా మెషిన్ 22 అని చూపిస్తుందా?

చూపిస్తుంది, అందులో ఎవరి చేతివాటమూ ఉండనక్కర్లేదు. నగ తయారయ్యాక కాల్చి, పలచని యాసిడ్‌లో వేసి మెరుగు పెడతారు. కాల్చినప్పుడు పైన ఉన్న రాగి ఆక్సైడ్‌గా మారుతుంది, యాసిడ్ దాన్ని కడిగేస్తుంది. పై పొరలో రాగి తగ్గి బంగారం పాలు పెరుగుతుంది. లోపల 88 ఉన్న నగ పైన 90, 91 చూపడం ఇలాగే. పది మైక్రాన్ల లోతే చూసే మెషిన్‌కి ఈ పొర సగం లెక్క. అందుకే కొనేవారి ఎదుటే ఒకసారి పైన, ఒకసారి ఆకురాయితో గీసిన చోట చదివించాలి. రెండింటికీ తేడా అర టచ్ దాటితే రెండో అంకెనే నమ్మాలి.

మాటులున్న గొలుసు లెక్క ఎలా చూడాలి? ఒక ఉదాహరణ చెప్పండి.

24 గ్రాముల గొలుసు అనుకుందాం. వేడి సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టాక తూచిన బరువు ఇది. ఏళ్ల తరబడి చెమట, నూనె, పసుపు పట్టిన గొలుసుని కడగకుండా తూస్తే మొదటే లెక్క తప్పుతుంది. కడియలు నికరంగా 91.6 టచ్. కడియని కడియతో కలిపిన మాటు మొత్తం 1.2 గ్రాములు, అందులో బంగారం నూటికి 60. మాటు కడియల కన్నా ముందు కరగాలి కాబట్టి దానిలో వెండి, రాగి, జింకు వంటివి ఎక్కువ కలుపుతారు. ఒకప్పుడు దీనికి కాడ్మియం వాడేవారు. కేడీఎం అన్న పేరు దాని నుంచే వచ్చింది. దాని పొగ కంసాలుల ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. కడియలు 22.8 గ్రాములు, వాటిలో మేలిమి 20.885 గ్రాములు. మాటులో 0.72 గ్రాములు. మొత్తం 21.605 గ్రాములు. 24తో భాగిస్తే 90.0 టచ్. ఈ గొలుసుకి నిజమైన విలువ ఇదే.

కేరట్ మీటర్ కిరణాన్ని కడియ మధ్యన పెడితే 91.6 వస్తుంది. దాన్నే గొలుసంతటికీ కట్టేస్తే మేలిమి 21.984 గ్రాములు అవుతుంది, దుకాణం 0.38 గ్రాము ఎక్కువ ఇచ్చినట్టు. అదే కిరణం మాటు మీద, సగం మాటు సగం కడియ పడేలా ఆనింది అనుకోండి, 78 అని చూపవచ్చు. దాన్ని గొలుసంతటికీ కడితే మేలిమి 18.72 గ్రాములే. నగ తెచ్చినవాళ్లు 2.885 గ్రాములు పోగొట్టుకుంటారు. మెషిన్ తప్పు చెప్పలేదు, చూసిన చుక్కకి 78 నిజమే. గొలుసుని గీటు మీద రుద్దితే కడియలూ మాటులూ కొంచెం కొంచెం కలిసి పడతాయి, '22కి కొంచెం తక్కువ' అన్న జవాబు వస్తుంది. ఈ నగ విషయంలో ఆ జవాబు నిజానికి మెషిన్ కన్నా దగ్గరే ఉంది, కానీ దానితో బిల్లు రాయలేం.

కాబట్టి గొలుసుని మెషిన్‌లో కనీసం నాలుగు చోట్ల చూడాలి: ఒక కడియ నడుమ, ఇంకో కడియ నడుమ, ఒక మాటు, కొక్కెం. తెర మీది కెమెరా గుర్తు ఎక్కడ ఉందో మీరూ చూడండి. నాలుగు అంకెలూ ఒకటి రెండు టచ్‌ల లోపు ఉంటే సగటు తీసుకోవచ్చు. అంతకన్నా దూరంగా ఉంటే ఏ సగటూ న్యాయం కాదు, కరిగించడమే మార్గం. మీ ఎదుట మూసలో కరిగించి బాగా కలియబెట్టి, బిళ్లగా పోసి, చల్లారాక తూచి, బిళ్లని రేకులా సాగగొట్టి రెండు వైపులా మెషిన్‌లో చదివించాలి. కరిగించే ముందు బరువు, తరవాత బరువు రెండూ చీటీ మీద రాయించుకోండి. కరిగించాక నగ నగగా ఉండదు కాబట్టి, ధర నచ్చకపోతే వెనక్కి తీసుకుపోయేది బిళ్లే అన్నది ముందే ఆలోచించుకోవాలి.

ఇరీడియం, రుథేనియం పొడి కలుపుతారంటారు. వీటిని ఏది పట్టుకుంటుంది?

ఇవి బంగారంలో సరిగ్గా కరగవు, సన్నని రేణువులుగా అక్కడక్కడా ఉండిపోతాయి. ఇరీడియం బంగారం కన్నా బరువైనది, కాబట్టి సాంద్రత పరీక్షకి కూడా దొరకదు. యాసిడ్ వీటిని ముట్టుకోదు, అందుకని గీటు దీన్ని అసలు పట్టదు.

మెషిన్ పట్టుకుంటుందా అన్నది దాని డిటెక్టర్ మీద ఉంటుంది. ఇరీడియం కిరణం 9.18 దగ్గర, బంగారానిది 9.71 దగ్గర వస్తాయి. సిలికాన్ డిటెక్టర్ ఉన్న మెషిన్ ఈ రెంటినీ వేరుగా చూపిస్తుంది. పాత రకం గ్యాసు డిటెక్టర్ మెషిన్‌లో రెండు శిఖరాలూ కలిసిపోయి ఇరీడియం కూడా బంగారం ఖాతాలో పడుతుంది. సిలికాన్ డిటెక్టర్ ఉన్నా, ప్రోగ్రాం జాబితాలో `Ir`, `Ru` పెట్టకపోతే తెర మీద అవి రావు. ప్రోగ్రాం ఎప్పుడూ మొత్తాన్ని నూటికి సరిచేస్తుంది కాబట్టి, లెక్కలో లేని లోహం వాటా మిగతావాటికి పంచబడుతుంది. మెషిన్ కొనేటప్పుడు ఈ రెండూ అడిగి చూసుకోవాలి.

ఒకే చోట మళ్లీ మళ్లీ పెడితే అంకె మారుతోంది. మెషిన్ పాడైందా?

0.1, 0.2 టచ్ మారడం సహజం, అది కిరణాల్ని లెక్కపెట్టే పద్ధతిలోనే ఉంది. సమయం 15 సెకన్ల నుంచి 60కి పెంచితే ఈ ఊగిసలాట తగ్గుతుంది. అంతకన్నా ఎక్కువ మారితే నగ సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. గుండ్రటి గుళ్లు, మెలిపెట్టిన తీగలు డిటెక్టర్ నుంచి ఎత్తు మారుతూ, కొన్ని కిరణాల్ని తామే అడ్డుకుంటాయి. కిరణం నగ పక్కనుంచి కింది బల్లకి తగిలినా అంకె చెడుతుంది. చివరగా, ధ్రువీకరించిన మచ్చు ముక్కని రోజూ పొద్దున పెట్టి చూడాలి. దాని మీద రాసిన టచ్ రాకపోతే ఆ రోజు మెషిన్‌తో బిల్లులు రాయకూడదు.

లక్క పోసిన గుళ్లపేరుకి ఏది మంచిది?

టచ్ వరకు మెషిన్ బాగుంటుంది, పైరేకు సన్నంగా ఉన్నా పది మైక్రాన్ల కన్నా మందమే కదా. అసలు సమస్య బరువు. లక్క బరువు తీసేయనిదే మేలిమి లెక్క తేలదు, అది తేలాలంటే గుళ్లని విప్పి వేడి చేసి లక్క కార్చాలి. నీళ్లలో ముంచి సాంద్రత చూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

హాల్‌మార్క్ ఉంటే ఇవేవీ అక్కర్లేదా?

చాలావరకు అక్కర్లేదు. బీఐఎస్ గుర్తు, `22K916` వంటి టచ్ గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల `HUID` మూడూ ఉన్నాయో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నగలు `HUID` లేకుండా అమ్మకూడదు. ఆ సంఖ్యని `BIS Care` యాప్‌లో కొడితే నగ రకం, టచ్ కనబడతాయి. యాప్ ఉంగరం అని చెప్పి మీ చేతిలో గొలుసు ఉంటే గుర్తు నకిలీ అనే అనుకోవాలి. హాల్‌మార్క్ తరవాత గొలుసు తెగి, ఊళ్లో మాటు వేయించుకుని ఉంటే ఆ మాటుకి గుర్తు వర్తించదు.

హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో మొదట ఎక్స్‌రేతో చూసి, తరవాత మచ్చు ముక్కకి నిప్పు పరీక్ష చేస్తారు. చిన్న ముక్కని తూచి, వెండి చేర్చి, సీసపు రేకులో చుట్టి, ఎముక బూడిద వంటి పదార్థంతో చేసిన గిన్నెలో వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో పెడతారు. సీసం, రాగి గిన్నెలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూసని రేకుగా సాగగొట్టి నైట్రిక్ యాసిడ్‌లో కాస్తే వెండి పోయి బంగారమే మిగులుతుంది, దాన్ని తూస్తారు. ఇది పదో వంతు టచ్ కన్నా దగ్గరగా చెబుతుంది. దుకాణం అంకెతో మీకు పేచీ వస్తే, కరిగించిన బిళ్లలోంచి ముక్క కత్తిరించి విశాఖపట్నంలోని అలాంటి కేంద్రానికి తీసుకెళ్లవచ్చు. బిళ్ల పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి ముక్క ఇవ్వండి.

యాసిడ్ చేతి మీద పడితే?

వెంటనే ధారగా నీళ్ల కింద పదిహేను నిమిషాలు పట్టండి. ముందు నీళ్లు, వంటసోడా కాదు. సోడా బల్ల మీద, రాయి మీద ఒలికినదాన్ని చల్లార్చడానికి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లాలి. గోధుమరంగు పొగ వస్తే గది తలుపులు తెరిచి బయటికి వచ్చేయండి. పరీక్ష అయ్యాక రాయిని, ఆకురాయితో గీసిన నగ అంచుని సోడా నీళ్లతో, తరవాత మంచినీళ్లతో కడగండి. అద్దుడు కాగితాల్ని సోడా కలిపిన నీళ్లలో వేసి ఉంచి పారేయండి, పొడి చెత్తబుట్టలో వేయకండి.